పేరు నిలవాలంటే

ఆగస్టు 18 వచ్చిందంటే గుంటూరు వాళ్లు గర్వంగా చెప్పుకునే మాట ఒకటుంది: హీలియం మన ఊళ్లోనే దొరికిందని. ఆ మాటలో సగం నిజం. 1868లో ఆ రోజున సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ వచ్చి గుంటూరులో మకాం వేశాడు. బ్రిటిష్ సైనికాధికారి జేమ్స్ టెనంట్ బృందం కూడా అక్కడే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణీ నిలబెట్టాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన ఆ కాసిని నిమిషాల్లో, బింబం అంచున ఎగసే ఎర్రటి జ్వాలల వెలుగును వీళ్లు వర్ణపటదర్శినిలో రంగులుగా విడదీసి చూశారు. మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో ఒక పసుపు గీత ఉంది.

కానీ ఆ రోజు ఎవరూ కొత్త మూలకాన్ని చూశామని అనలేదు. పసుపు గీత కనిపిస్తే అది సోడియానిదే అనుకోవడం అప్పటి అలవాటు. ఉప్పు కల్లు మంటలో వేస్తే వచ్చే పసుపు సోడియానిదే కదా. జాన్సెన్ గుంటూరులో సాధించింది వేరే. జ్వాలల గీతలు ఎంతో ప్రకాశంగా ఉన్నాయి కాబట్టి గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని ఆయనకు తట్టింది. మర్నాడే, మామూలు ఎండలోనే, చూసి రుజువు చేశాడు. సౌరశాస్త్రానికి అది పెద్ద మలుపు. దాన్ని హీలియం ఆవిష్కరణగా చెప్పుకోవడం వల్ల ఆయన చేసిన అసలు పని మరుగున పడింది.

మూలకాల, ఖనిజాల పేర్ల చరిత్రను దూరం నుంచి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పేరు తప్పుడు ఊహ మీద పెట్టినదైనా, వస్తువు నిజమైతే అది నిలుస్తుంది. వస్తువు నిలవకపోతే ఎంత ఘనమైన పేరైనా పట్టికలోంచి జారిపోతుంది. ఊరి పేరు పెట్టారా, మనిషి పేరు పెట్టారా, గుణాన్ని బట్టి పెట్టారా అన్నది ఆ తర్వాతి ముచ్చట. గుంటూరు గ్రహణం నాటి ఆ పసుపు గీతే ఇందుకు మొదటి సాక్షి.

అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా గ్రహణంతో పనిలేకుండా సూర్యజ్వాలల వర్ణపటాన్ని పట్టుకోగలిగాడు. జాన్సెన్ లేఖ, లాకియర్ లేఖ ఒకే రోజు ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుకు వచ్చాయి. ఎవరు ముందన్న తగవు లేకుండా ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది. లాకియర్ చేసిన అదనపు పని, పసుపు గీత చోటును ఓపికగా కొలవడం. సోడియం ఇచ్చేది ఒక్క గీత కాదు, జంట గీతలు. నేటి కొలతల్లో చెప్పాలంటే అవి 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. సూర్యుడి గీత 587.6 దగ్గర ఉంది. తేడా ఒకటి నుంచి రెండు నానోమీటర్లే. ఆ చిన్న తేడాలోనే ఒక మూలకం దాగి ఉంది.

లాకియర్, రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్ కలిసి ముందు ఆ గీతను హైడ్రోజన్‌తో రాబట్టవచ్చేమో చూశారు. ఒత్తిడి, వేడి మార్చి ఎన్ని విధాల ప్రయత్నించినా రాలేదు. భూమి మీద తెలిసిన ఏ పదార్థమూ ఆ గీతను ఇవ్వడం లేదు. అయితే ఇది సూర్యుడిలోని పదార్థమే అనుకుని, గ్రీకులో సూర్యుడికి పేరైన హీలియోస్ నుంచి హీలియం అన్నారు. 1871లో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, ఆ పేరును సభాముఖంగా పలికాడు. సోడియం, పొటాషియం, కాల్షియం మాదిరిగా ఇది కూడా లోహమే అయి ఉంటుందని ఊహించి చివర ‘ఇయం’ తగిలించారు. ఎవరూ చేత్తో పట్టుకోని, సీసాలో చూడని పదార్థానికి పేరు పెట్టేశారు. అప్పటి రసాయన శాస్త్రవేత్తల్లో చాలామంది దాన్ని నమ్మకపోవడంలో వింత లేదు.

తర్వాత ఇంచుమించు పాతికేళ్లు హీలియం ఒక గీతగానే మిగిలింది. 1895 మార్చిలో లండన్‌లో విలియం రామ్జే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వెలువడిన వాయువును పట్టాడు. అంతకు ముందు అమెరికాలో హిల్లెబ్రాండ్ ఇలాంటి ఖనిజం నుంచే వాయువును రాబట్టి, అది నైట్రోజన్ అనుకుని వదిలేశాడు. రామ్జే వెతికింది ఆర్గాన్ కోసం. వర్ణపటం చూస్తే ప్రకాశవంతమైన పసుపు గీత, అదీ సోడియం గీతకు కాస్త పక్కగా కనిపించింది. నమూనాను విలియం క్రూక్స్‌కు పంపితే ఆయన కొలిచి, ఇది సూర్యుడిలో కనిపించిన గీతేనని తేల్చాడు. ఇంచుమించు అదే సమయంలో స్వీడన్‌లోని ఉప్సాలాలో క్లీవ్, లాంగ్లే కూడా ఆ వాయువును వేరుచేసి తూచారు. తేలింది లోహం కాదు, దేనితోనూ కలవని వాయువు.

అప్పటికి పేరు పాతికేళ్ల పాతది. ఆర్గాన్ ముందే ఉంది, నియాన్, క్రిప్టాన్, జీనాన్ తర్వాత వచ్చాయి. ఈ కుటుంబమంతా ‘ఆన్’తో ముగుస్తుంటే హీలియం ఒక్కటే లోహపు తోకతో ఉండిపోయింది. ఎవరూ దాన్ని హీలియాన్ అని సరిదిద్దలేదు. ఇక హీలియాన్ని మనకిచ్చిన ఖనిజం సంగతి చూడండి. క్లీవైట్‌కు ఆ పేరు ఉప్సాలా క్లీవ్ గౌరవార్థం పెట్టినదే. తర్వాత పరీక్షల్లో అది ప్రత్యేక ఖనిజం కాదని, యురేనినైట్‌లోనే ఒక రకమని తేలింది. ఖనిజాల జాబితాలో దాని పేరు ఇప్పుడు స్వతంత్రంగా లేదు. హీలియం పేరులో లోహమన్న తప్పుంది, అయినా నిలిచింది. క్లీవైట్ పేరులో ఏ తప్పూ లేదు, ఒక మంచి రసాయన శాస్త్రవేత్తను గౌరవించింది. అయినా పోయింది. రెండింటికీ తేడా తెచ్చింది పేరు వెనక ఉన్న పదార్థం.

గుణాన్ని బట్టి పేరు పెట్టడంలో రెండు దారులున్నాయి. కంటికి కనిపించిన గుణాన్ని చెప్పడం ఒకటి. సిద్ధాంతం ఊహించిన గుణాన్ని చెప్పడం రెండోది. ఆక్సిజన్ రెండో దారిలో వచ్చింది. ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమని లావాజియే నమ్మాడు. అందుకే ఆమ్లాన్ని పుట్టించేది అన్న అర్థం వచ్చేలా గ్రీకు మాటలు కలిపి పేరు పెట్టాడు. 1810లో హంఫ్రీ డేవీ దీనికి అడ్డం తిరిగాడు. అప్పట్లో మ్యూరియాటిక్ ఆమ్లం అని పిలిచిన నేటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ జాడే లేదని చూపించాడు. ఆ ఆమ్లం నుంచి వచ్చే ఆకుపచ్చని వాయువు కూడా ఆక్సిజన్ కలిసిన పదార్థం కాదు, తనంత తానుగా ఒక మూలకమన్నాడు. దానికి పేరు పెట్టేటప్పుడు ఏ సిద్ధాంతం జోలికీ పోలేదు. రంగును చూసి, లేత ఆకుపచ్చ అన్న అర్థంలో క్లోరిన్ అన్నాడు. రేపు సిద్ధాంతం మారినా రంగు మారదని ఆయన లెక్క.

డేవీ లెక్క సరైనదే. అయినా ఆక్సిజన్ పేరును ఎవరూ మార్చలేదు. పైగా ఆ తప్పు భాషలు దాటింది. మన పాత పాఠ్యపుస్తకాలు ఆక్సిజన్‌ను ఆమ్లజని అన్నప్పుడు, అప్పటికే వీగిపోయిన లావాజియే ఊహను తెలుగులోకి కూడా తెచ్చుకున్నట్టయింది. దానివల్ల ఏ ప్రయోగమూ తప్పలేదు, ఏ లెక్కా తారుమారు కాలేదు. ఎందుకంటే రసాయన శాస్త్రవేత్త పనిచేసేది ఆ వాయువు బరువుతో, అది కలిసే తీరుతో. పేరులోని అర్థం ఆయన లెక్కల్లోకి రాదు.

వర్ణపటదర్శిని వచ్చాక డేవీ దారి రాజమార్గమైంది. 1860లో బున్సెన్, కిర్కాఫ్ జర్మనీలోని డుర్క్‌హైమ్ ఊటనీటిలో కొత్త నీలి గీతలు చూసి, ఆకాశనీలాన్ని సూచించే లాటిన్ మాటతో సీజియం అన్నారు. చూసింది గీతలనే కాబట్టి అంతటితో ఆగలేదు. ఇంచుమించు 44 టన్నుల నీటిని ఇగిర్చి, కొద్ది గ్రాముల సీజియం లవణాన్ని చేతికి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది ముదురు ఎరుపు గీతతో రుబీడియం వచ్చింది. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో ఫెర్డినాండ్ రైక్ జింక్ ఖనిజాన్ని పరీక్షిస్తున్నాడు. ఆయనకు వర్ణాంధత్వం ఉంది. వర్ణపటంలో చూసే పనిని సహాయకుడు థియోడర్ రిక్టర్‌కు అప్పగించాడు. రిక్టర్‌కు అంతకుముందు ఎవరూ చెప్పని నీలిమందు రంగు గీత కనిపించింది. దాంతో ఆ మూలకం ఇండియం అయింది. నీలిమందుకు ఐరోపా భాషల్లో ఉన్న ఇండిగో అనే పేరు మన దేశం పేరు నుంచే పుట్టింది. భారతదేశం నీడ ఆవర్తన పట్టికలో పడింది ఇలా, ఒక అద్దకపు రంగు ద్వారా.

దేశాల పేర్ల దగ్గరికి వస్తే కథ వేడెక్కుతుంది. రంగు మీద ఎవరికీ హక్కు లేదు. దేశం పేరు మీద మాత్రం గౌరవాలు ఆధారపడతాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి పట్టికలో 43వ గడి కథ ఒక్కటి చాలు.

మెండలేవ్ పట్టిక గీసినప్పటి నుంచి ఆ గడి ఖాళీ. మాంగనీసుకు సరిగ్గా కింద ఉన్న చోటు అది. జపాన్‌కు చెందిన మసతక ఒగావా లండన్‌లో రామ్జే దగ్గర పనిచేస్తూ, సింహళం నుంచి వచ్చిన థోరియనైట్ అనే ఖనిజంలో కొత్త పదార్థం ఉందని గమనించాడు. స్వదేశం వెళ్లాక పరిశోధన కొనసాగించి, 1908లో అది 43వ మూలకమని ప్రకటించి నిప్పోనియం అని పేరు పెట్టాడు. జపాన్ పేరు పట్టికలోకి ఎక్కినట్టే అనిపించింది. కానీ మరెవరూ దాన్ని మళ్లీ రాబట్టలేకపోయారు. నెమ్మదిగా ఆ పేరు పుస్తకాల్లోంచి తొలగిపోయింది.

1925లో జర్మనీలో వాల్టర్ నొడాక్, ఇడా టాకె, ఒట్టో బెర్గ్ కలిసి ఒకేసారి రెండు మూలకాలు ప్రకటించారు. 75వ దానికి రైన్ నది పేరుతో రీనియం అన్నారు. 43వ దానికి అప్పటి జర్మనీ తూర్పు అంచులోని మసూరియా ప్రాంతం పేరుతో మసూరియం అన్నారు. అప్పటికి మోస్లీ ఎక్స్‌రే పద్ధతి చేతికొచ్చింది. ప్రతి మూలకం విడుదల చేసే ఎక్స్‌రే గీతల చోటు దాని పరమాణు సంఖ్యను కచ్చితంగా చెప్పేస్తుంది. రీనియం విషయంలో ఆ ముగ్గురూ చేయవలసిన పని చేశారు. 660 కిలోల మాలిబ్డినం ఖనిజాన్ని శుద్ధిచేసి, 1928 నాటికి ఒక గ్రాము రీనియాన్ని చూపించారు. మసూరియాన్ని మాత్రం ఎన్నేళ్లయినా తూచగలిగినంత చూపించలేకపోయారు.

చూపించలేకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. 43వ మూలకానికి స్థిరమైన రూపమే లేదు. భూమి పుట్టినప్పుడు ఉన్నదంతా ఎప్పుడో క్షీణించి పోయింది. 1937లో ఇటలీలోని పలెర్మోలో ఎమీలియో సెగ్రే, కార్లో పెర్రియే దాన్ని పట్టుకున్నది గనిలో కాదు. అమెరికాలో బర్కిలీలోని సైక్లోట్రాన్‌లో కణాల తాకిడి తిన్న ఒక మాలిబ్డినం రేకును అక్కడి శాస్త్రవేత్త లారెన్స్ టపాలో పంపితే, అందులో దొరికింది. ఈసారి పేరుకు తొందరపడలేదు. పదేళ్లు ఆగి 1947లో, కృత్రిమం అన్న అర్థమిచ్చే గ్రీకు మాటతో టెక్నీషియం అన్నారు. దేశాభిమానంతో పెట్టిన రెండు పేర్లు పోయిన చోట, తయారైన తీరును ఉన్నదున్నట్టు చెప్పిన మూడో పేరు నిలబడింది.

ఇంతకూ ఒగావా చేతిలో ఉన్నదేమిటి? దశాబ్దాల తర్వాత ఆయన మిగిల్చిన ఆధారాలను జపాన్ శాస్త్రవేత్త కెంజి యొషిహరా తిరిగి పరిశీలించాడు. అది బహుశా రీనియమేనని తేలింది. పట్టికలో 43కు సరిగ్గా కింది గడి. ఒగావా నిజంగానే కొత్త మూలకాన్ని పట్టుకున్నాడు, నొడాక్ బృందానికి పదిహేడేళ్ల ముందే. దాని ఒక్కో పరమాణువు ఇతర పరమాణువులతో ఎన్ని బంధాలు కడుతుందన్న అంచనాలో పొరపాటు జరిగి, పరమాణు భారం 100 చుట్టుపక్కల తేలింది. అసలు భారం 186. ఆ ఒక్క గుణకారంలో దారి తప్పి ఆయన పై గడిలో జెండా పాతాడు. సరైన గడిలో పాతి ఉంటే నేడు మనం రీనియం అంటున్నదాన్ని నిప్పోనియం అనేవాళ్లం.

జపాన్‌కు రెండో అవకాశం రావడానికి ఇంచుమించు శతాబ్దం పట్టింది. ఈసారి వెతికింది 113వ మూలకం కోసం. రికెన్ సంస్థలో కొసుకె మొరిటా బృందం 30 ప్రోటాన్లున్న జింక్ కేంద్రకాలను 83 ప్రోటాన్లున్న బిస్మత్ రేకు మీదికి వేగంగా విసిరింది. రెండూ అతుక్కుంటే 113. అతుక్కోవడం ఎంత అరుదంటే, 2004 జులై 23న ఒక పరమాణువు, 2005 ఏప్రిల్ 2న ఇంకొకటి, ఆ తర్వాత 2012 ఆగస్టు 12న మూడోది. తొమ్మిదేళ్ల ప్రయోగంలో దొరికినవి మూడే పరమాణువులు. అవి కూడా సెకనులో వెయ్యో వంతు లెక్కన బతికి పోయాయి.

కంటికి కనిపించని దాన్ని ఉందని నమ్మించడం ఎలా? అది క్షీణిస్తూ విడిచే ఆల్ఫా కణాలను ఒకదాని తర్వాత ఒకటి లెక్కపెట్టాలి. ఒక్కో ఆల్ఫా కణం పోయినప్పుడు పరమాణు సంఖ్య రెండు తగ్గుతుంది. 113, 111, 109, 107, 105 అని దిగివస్తూ, ఇదివరకే బాగా తెలిసిన కేంద్రకాన్ని చేరుకుంటే బయల్దేరిన చోటు ఏదో రుజువైనట్టు. మొదటి రెండు పరమాణువులూ 105వ మెట్టు దగ్గర రెండుగా చీలిపోయాయి. మూడోది ఇంకా దిగి 103, 101 దాకా వెళ్లింది. ఆ గొలుసు ఆధారాన్ని గట్టిచేసింది. రష్యా, అమెరికా బృందం కూడా 113 తమదేనని వాదిస్తున్న సమయమది. 2015 డిసెంబరు 30న ఐయూపాక్ అనే అంతర్జాతీయ రసాయన సంఘం ఘనతను జపాన్ బృందానికే ఇచ్చింది.

పాత నిప్పోనియం పేరునే పెట్టుకుందామంటే రెండు అడ్డంకులు. ఒకసారి ఏ మూలకానికైనా వాడి వదిలేసిన పేరును మరో మూలకానికి పెట్టకూడదని నియమం. పాత వ్యాసాలు చదివేవాళ్లు తికమకపడకూడదు కదా. రెండోది, Np అనే గుర్తును 1940లోనే నెప్ట్యూనియం తీసేసుకుంది. జపనీయులు తమ దేశాన్ని పిలుచుకునే రెండో ఉచ్చారణను ఎంచుకుని నిహోనియం అన్నారు, గుర్తు Nh. 2016 జూన్ 8న ఆ పేరును లోకం ముందు పెట్టి, అయిదు నెలలు అభ్యంతరాలకు గడువిచ్చి, నవంబరు 28న ఖరారు చేశారు. ఇప్పటి నియమాల ప్రకారం పేరు పురాణపాత్ర నుంచో, ఖనిజం నుంచో, ప్రదేశం నుంచో, శాస్త్రవేత్త నుంచో, గుణం నుంచో రావాలి. చివర తోక ఏ వరుసకు ఏదో కూడా నిర్ణయించారు. జడవాయువుల వరుసకు ‘ఆన్’ తప్పనిసరి. 118వ దానికి ఒగానెసాన్ అన్న పేరు అలా వచ్చింది. హీలియం ఇవాళ దరఖాస్తు పెట్టుకుంటే ఆ పేరుతో గడప దాటదు.

ఖనిజాల లోకం దీనికన్నా రద్దీ. మూలకాలు 118. గుర్తింపు పొందిన ఖనిజాలు వేలల్లో ఉన్నాయి. ఒక ఖనిజం పేరు ఎలా కూలుతుందో చూడటానికి మనం స్వీడన్‌కో జర్మనీకో పోనక్కర్లేదు. విజయనగరం జిల్లా గరివిడికి పోతే చాలు.

గరివిడి, కోడూరు చుట్టుపక్కల మాంగనీసు తవ్వకం 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన లూయిస్ లీ ఫెర్మార్ ఈ గనులన్నీ తిరిగి, కనిపించిన కొత్త రాళ్లకు, ఖనిజాలకు పేర్లు పెట్టాడు. కోడూరు గని పేరుతో ఒక శిలను కోడూరైట్ అన్నాడు. నాగ్‌పూర్ ప్రాంతంలోని బెల్డోంగ్రీలోనూ మన గరివిడిలోనూ దొరికిన, అయస్కాంతానికి గట్టిగా అంటుకునే మాంగనీసు ఖనిజానికి తన సహోద్యోగి ఎర్నెస్ట్ వ్రెడెన్‌బర్గ్ పేరు కలిపి 1908లో వ్రెడెన్‌బర్గైట్ అని పేరు పెట్టాడు. రసాయన విశ్లేషణలో అందులో మాంగనీసు, ఇనుము, ఆక్సిజన్ తేలాయి. చేతిలో పట్టుకుంటే ఒకే ఖనిజంలా ఉంటుంది. విశ్లేషణకు పొడిచేస్తే రెండు ఖనిజాలున్నా అంకెలు కలిసిపోయి ఒకటిగానే వస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ముక్కను అద్దంలా నునుపు పట్టి, మీద పడిన వెలుగు తిరిగొచ్చే సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు అసలు రూపం బయటపడింది. ఒకే ముక్కలో రెండు ఖనిజాలు సన్నని పలకలుగా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయి. బాగా వేడిలో అవి ఒకే స్ఫటికం. చల్లారుతూ ఉండగా, ఆ పొందిక కుదరక రెండుగా విడిపోయాయి. అయస్కాంతానికి అంటుకునే భాగం జాకబ్‌సైట్. అది స్వీడన్‌లోని యాకబ్స్‌బర్గ్ అనే చోటు పేరు. రెండోది హౌస్‌మనైట్. అది ఒక జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త పేరు. వ్రెడెన్‌బర్గ్ పేరు మోసిన ఖనిజాన్ని తరచి చూస్తే స్వీడన్ చోటొకటి, జర్మన్ పెద్దమనిషి ఒకరు మిగిలారు. వ్రెడెన్‌బర్గైట్ ఖనిజాల జాబితాలోంచి పోయింది. ఆ అల్లికకు పేరుగా మాత్రం భూవిజ్ఞానుల వాడుకలో మిగిలింది.

కోడూరైట్ శిలలోని గార్నెట్ సంగతి ఇంకా చిత్రం. ఫెర్మార్ దానికి స్పాండైట్ అని పేరు పెట్టాడు. స్పెస్సార్టిన్ అనే గార్నెట్‌కూ ఆండ్రడైట్ అనే గార్నెట్‌కూ మధ్యస్థంగా ఉంది కాబట్టి రెండు పేర్లూ అతికించాడు. స్పెస్సార్ట్ జర్మనీలో ఒక అడవి ప్రాంతం. ఆండ్రడా బ్రెజిల్‌కు చెందిన ఖనిజ శాస్త్రవేత్త, ఆ దేశ స్వాతంత్ర్య నాయకుల్లో ఒకరు. నేటి నియమం ప్రకారం రెండు ఖనిజాల మధ్య కూర్పు ఎటు మొగ్గితే అటు పేరే చెల్లుతుంది. మధ్యలో ఉన్నదానికి ప్రత్యేక పేరు ఉండదు. అందుచేత స్పాండైట్ ఖనిజజాతిగా చెల్లకుండా పోయింది.

శిలల పేర్లకు ఇంత కఠినమైన పరీక్ష లేదు. శిల అంటే ఖనిజాల కలయికే కాబట్టి ‘ఇది మిశ్రమం’ అని ఎవరూ కొట్టేయలేరు. విశాఖ కొండల్లో తరచు కనిపించే, గార్నెట్, సిల్లిమనైట్ కలిసిన శిలను 1902లో టి.ఎల్. వాకర్ ఖొండలైట్ అన్నాడు. తూర్పు కనుమల్లో నివసించే ఖోందులు, మనం కోందులు అనే గిరిజనుల పేరది. దక్షిణాదిలో విస్తారంగా ఉన్న మరో శిలకు థామస్ హాలండ్ 1893లో చార్నొకైట్ అని పేరు పెట్టాడు. కలకత్తా స్థాపకుడిగా చెప్పుకునే జాబ్ చార్నాక్ సమాధి మీది ఫలకం ఆ రాతిదే. మద్రాసు వైపు నుంచి వెళ్లిన రాయి అది. చార్నాక్ శిలలను పట్టించుకున్న మనిషి కాదు, కోందులను ఎవరూ అడగలేదు. ఆ రెండు పేర్లనూ ప్రపంచమంతా వాడుతోంది. కొండలు నిజం కాబట్టి పేర్లూ నిలిచాయి. పెట్టిన తీరు న్యాయమైనదని దానర్థం కాదు.

ఇప్పుడు ఖనిజాలకు పేరు పెట్టడం ఒక్క మనిషి ఇష్టం కాదు. 1959 నుంచి అంతర్జాతీయ ఖనిజ శాస్త్ర సంఘంలో దీనికోసం ఒక కమిషన్ ఉంది. కొత్త ఖనిజమనేవాళ్లు దాని కూర్పు, స్ఫటిక నిర్మాణం తేల్చి చెప్పాలి. మూల నమూనాను ఎవరైనా వచ్చి మళ్లీ పరీక్షించుకునేలా ఒక మ్యూజియంలో అప్పగించాలి. బతికున్న వ్యక్తి పేరు పెడితే ఆయన ఒప్పుకోవాలి. సొంత పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. కమిషన్ సభ్యులు ఓటేసి ఒప్పుకున్నాకే పేరు ప్రచురించాలి. వీటిలో నమూనా అప్పగింతే అన్నిటికన్నా ముఖ్యం. గరివిడి ముక్కల్లాంటివి దాచి ఉంచితేనే తర్వాతివాళ్లు వాటిని నునుపు పట్టి చూడగలుగుతారు. ఒగావా ఆధారాలు దాచి ఉంచబట్టే ఆయన గౌరవం తొంభై ఏళ్ల తర్వాతైనా తిరిగొచ్చింది.

మన ప్రాంతం పేరు ఒక మూలకానికి రావాలని, ఒక ఖనిజానికి ఉండాలని ఎవరైనా కోరుకుంటే తప్పు లేదు. జపాన్ కోరుకుంది, సాధించింది. అయితే ఆ దారి పేరుతో మొదలు కాదు. తొమ్మిదేళ్లకు మూడు పరమాణువుల చొప్పున లెక్కపెట్టే ప్రయోగశాలతో, రాతి ముక్కను వందేళ్లు పోగొట్టకుండా దాచే మ్యూజియంతో మొదలవుతుంది. కోడూరు, గరివిడి గనుల్లో ఫెర్మార్ చూసిన శిలల నమూనాలను విజయనగరంలోనో విశాఖలోనో పిల్లలు చూడగలిగే చోట పెట్టడం మన ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఆ నమూనాల పక్కన కూలిపోయిన పేర్లు కూడా రాసి పెట్టాలి. ఎందుకు కూలాయో రాసి పెట్టాలి. గుంటూరు గురించి కూడా పాఠాల్లో ఉన్నదున్నట్టు చెబుదాం: గ్రహణం లేకుండా సూర్యజ్వాలలను చూడవచ్చన్న ఆలోచన 1868 ఆగస్టులో అక్కడ పుట్టింది, మర్నాడే రుజువైంది. హీలియం పేరు ఇంగ్లండులో పుట్టింది. పదార్థం లండన్, ఉప్సాలాల్లో చేతికొచ్చింది. ఈ నిజం గుంటూరు గౌరవాన్ని తగ్గించదు. ఆధారం ఉన్న గౌరవాన్ని రేపు ఎవరూ కొట్టేయలేరు.